గిన్నెలో వాన, బోరులో నీళ్ళు

జలచక్రం బొమ్మ ఎక్కడ చూసినా దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. ఒక మూలన నీలం సముద్రం, దాని మీద సూర్యుడు, సముద్రంలోంచి పైకి లేచే బాణం గుర్తులు, దూది మబ్బు, ఎదురుగా మంచు కప్పుకున్న కొండ, కొండ మీద వాన, వాన నీళ్ళను మళ్ళీ సముద్రంలో కలిపే ఏరు. బాగేపల్లి తాలూకాలో మూడో తరగతి చదివే పిల్ల ఆ బొమ్మను నోటుబుక్కులోకి దించుకునేటప్పుడు ముందుగా సముద్రానికే రంగు వేస్తుంది. ఆ పిల్ల సముద్రాన్ని చూసి ఉండకపోవచ్చు. మంచు కొండనైతే బొమ్మల్లో తప్ప చూసే దారే లేదు. ఆ పిల్ల రోజూ చూసేది వీధి చివర బోరు, ఓవర్‌హెడ్ ట్యాంకు, నాణెం వేస్తే క్యానులోకి నీళ్ళు వదిలే ఫిల్టరు గది, ఏడాదిలో ఎక్కువ నెలలు మేకలు మేసే చెరువు. ఇవేవీ బొమ్మలో లేవు. ఆ పిల్ల తాగే నీళ్ళు ఆ బొమ్మలో ఎక్కడున్నట్టు?

ఈ ప్రశ్నను పక్కన పెట్టి పాఠం చెప్పడం టీచరుకు కష్టమేమీ కాదు. బాణం గుర్తులకు పేర్లు రాయించి, వల్లె వేయించి, మార్కులు వేయవచ్చు. కానీ చిక్కబళ్ళాపురం జిల్లాలో ఈ పాఠానికి ఉన్న బరువు వేరు. 2007లో కోలారు నుంచి విడిపోయి ఏర్పడిన ఈ జిల్లాలో ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు. విచిత్రమేమిటంటే నదులు పుట్టేది మాత్రం ఇక్కడే. పెన్న, చిత్రావతి, పాపాగ్ని ఈ కొండల చుట్టుపక్కలే మొదలై, ఉత్తరానికి దిగి ఆంధ్రలోకి వెళ్ళిపోతాయి. చిత్రావతి, పాపాగ్ని పోయి పెన్నలోనే కలుస్తాయి. పెన్న నెల్లూరు దాటి బంగాళాఖాతంలో పడుతుంది. ఇళ్ళలో తెలుగు, పుస్తకంలో కన్నడం ఉండే పిల్లలకు ఇది తమ నీళ్ళు నడిచే దారి. దాన్ని ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

నల్లబల్ల మీద తడి చెయ్యి పెట్టడంతో మొదలుపెట్టవచ్చు. టీచరు గ్లాసులో చెయ్యి ముంచి బల్ల మీద అయిదు వేళ్ళ గుర్తు వేసి, ఏమీ మాట్లాడకుండా పక్కకు జరగాలి. ఎండ కాసే రోజైతే చూస్తుండగానే వేళ్ళ కొసలు మాయమై, అరచెయ్యి ముక్కలై, గుర్తంతా పోతుంది. అప్పుడు ఒకటే ప్రశ్న: నీళ్ళు యాడికి పోయినాయి? జవాబు ఏ భాషలో వచ్చినా రానివ్వాలి. "బల్ల తాగేసింది మిస్" అంటుంది ఒక గొంతు. "ఎండకు అయిపోయినాయి" అంటుంది ఇంకొకటి. "సూర్యుడు పీల్చుకున్నాడు" అనేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. ఏదీ తప్పని అప్పుడే కొట్టేయకుండా, అన్నిటినీ బల్ల మీద ఒక పక్క రాసి ఉంచాలి. ఎందుకంటే ఇవి ఆ నిమిషాన తోచిన మాటలు కావు. ఇజ్రాయెల్‌లో పిల్లల ఊహల మీద వార్దా బార్ 1989లో ప్రచురించిన పరిశీలనలోనూ ఇలాంటివే కనిపిస్తాయి. మరీ చిన్నవాళ్ళకు నీళ్ళు లేకుండా పోతాయి. కొంచెం పెద్దవాళ్ళకు నేలలోకో గోడలోకో ఇంకిపోతాయి. ఆ తరువాత ఎప్పటికో నీళ్ళు గాలిలో ఉంటాయన్న ఆలోచన వస్తుంది. కనపడనిది ఉందని నమ్మడం ఎనిమిదేళ్ళ మనసుకు చిన్న పని కాదు. పాఠంలో బరువైన మెట్టు ఇదే. మబ్బు, వాన ఆ తరువాతి సంగతి.

ఇప్పుడు గిన్నె. వెడల్పైన పారదర్శకపు గిన్నె ఒకటి కావాలి, జానెడు వెడల్పుకు తక్కువ కానిది. గాజుదైనా సరే, గట్టి ప్లాస్టిక్ డబ్బా అయినా సరే. లోపల పక్కల నుంచి కనిపించడం ముఖ్యం. అందులో రెండు వేళ్ళ లోతు నీళ్ళు పోసి, నాలుగు చుక్కల నీలం సిరా కలపాలి. నడుమ ఒక చిన్న గిన్నె పెట్టాలి. దాని అంచు పెద్ద గిన్నె అంచుకన్నా మూడు వేళ్ళు కిందికి ఉండాలి. పలచని స్టీలు గిన్నె అయితే తేలుతుంది, పక్కకు ఒరుగుతుంది. అందుకని బరువైన గాజు గిన్నెనో, అడుగున శుభ్రంగా కడిగిన రాయి వేసిన స్టీలు గిన్నెనో వాడాలి. పైన పలచని పారదర్శకపు ప్లాస్టిక్ కవరు పరిచి, అంచు చుట్టూ రబ్బరు బ్యాండుతోనో దారంతోనో గాలి పోకుండా బిగించాలి. చివరగా కవరు మీద, సరిగ్గా చిన్న గిన్నెకు పైన, గోలీకాయంత గులకరాయి ఉంచితే కవరు నడుమ కాస్త లోపలికి దిగుతుంది. దిగిన చోటు చిన్న గిన్నెను తాకకూడదు. ఇదంతా పదిన్నరకల్లా వరండాలో ఎండ తగిలే చోట పెట్టాలి.

దీన్నే వేడినీళ్ళతో, పైన ఐసు ముక్కలతో కూడా చేస్తారు. అది పది నిమిషాల్లో తేలిపోతుంది. మరి ఎండ ఎందుకు? ఈ ప్రాంతపు చిన్న బడుల్లో ఒకే టీచరు రెండు మూడు తరగతులను ఒక గదిలో కూర్చోబెట్టుకుని నడపడం మామూలే. కర్ణాటకలో 1995లో హెగ్గడదేవనకోటలో మొదలైన నలి-కలి పద్ధతి ఇలాంటి గదుల కోసమే పుట్టింది. దానికి ప్రేరణ చింతామణికి ఈశాన్యాన, రాష్ట్రపు గీత దాటాక వచ్చే మదనపల్లె పక్కనున్న రిషి వ్యాలీ వాళ్ళు పల్లె బడుల కోసం తయారుచేసిన కార్డుల పద్ధతి. అక్కడ పిల్లలు జట్లుగా తమ పని తాము చేసుకుంటూ ఉంటే, టీచరు ఒక జట్టు దగ్గర కూర్చుంటారు. వేడినీళ్ళ గిన్నె పక్క నుంచి టీచరు కదలడానికి లేదు. ఎండలో పెట్టిన గిన్నె దానంతట అదే నడుస్తుంది. ప్రతి అరగంటకూ ఒక జట్టు వెళ్ళి చూసి, చూసిందే బొమ్మ గీసుకుని వస్తుంది. ముందు కవరు లోపలి వైపు మసక కమ్ముతుంది. ఆ తరువాత మసక చిన్న చిన్న చుక్కలవుతుంది. చుక్కలు ఒకదానిలో ఒకటి కలిసి బరువెక్కి, వాలు వెంట జారి, రాయి కింద నిలిచి, చిన్న గిన్నెలో పడతాయి. పైగా ఇక్కడ పని చేస్తున్నది నిజం సూర్యుడే.

ఎన్ని నీళ్ళు దొరుకుతాయో టీచరు ముందే లెక్క వేసుకుంటే మంచిది. లేకపోతే సాయంత్రం గిన్నె ఎత్తినప్పుడు టీచరుకే నిరాశ కలుగుతుంది. ఎండతో మంచినీరు తీసేందుకు బాగా కట్టిన తొట్లు కూడా చదరపు మీటరుకు రోజంతా కలిపి రెండు మూడు లీటర్లకు మించి ఇవ్వడం కష్టం. జానెడు పైచిలుకు గిన్నె ఒక చదరపు మీటరులో ఇరవయ్యో వంతు ఉంటుంది. ఇంటి కవరు, రబ్బరు బ్యాండుల పనితనంతో మధ్యాహ్నానికి ఒకటి రెండు చెంచాలు వస్తే పాఠం బాగా నడిచినట్టే. ఆ ఒకటి రెండు చెంచాలను తక్కువ చేసి చూడనక్కర్లేదు. 1687లో ఎడ్మండ్ హాలీ, తోకచుక్క పేరులో ఉన్న ఆ హాలీయే, లండన్‌లో ఇంచుమించు ఇంతే గిన్నెతో ఇంచుమించు ఇదే పని చేశాడు. ఎనిమిది అంగుళాలకు కాస్త తక్కువ వెడల్పున్న పళ్ళెంలో సముద్రమంత ఉప్పగా నీళ్ళు కలిపి, ఎండాకాలపు గాలికుండే వెచ్చదనానికి తెచ్చి, త్రాసుకు తగిలించి రెండు గంటలు చూశాడు. తగ్గింది అర ఔన్సు, అంటే పదిహేను గ్రాములు. పెద్ద చెంచాడు నీళ్ళు. ఆ చెంచాడుతోనే మధ్యధరా సముద్రం మీద ఒక్క వేసవి రోజులో ఎంత నీరు ఆవిరవుతుందో గుణించి, అందులో కలిసే నదుల నీటితో పోల్చి చూశాడు. నదులన్నీ కలిసినా సముద్రం ఎందుకు పొంగిపోదన్న పాత ప్రశ్నకు ఒక పళ్ళెం సాక్ష్యం చెప్పింది.

గిన్నె ప్రయోగం చెడిపోయే దారులూ తెలిసి ఉండాలి. చుక్కలే రాకపోతే అంచు దగ్గర ఎక్కడో కవరు వదులుగా ఉన్నట్టు. అంచు చుట్టూ తడి వేలు తిప్పితే గాలి పోయే చోటు తెలుస్తుంది. చుక్కలు వచ్చి కూడా చిన్న గిన్నె ఖాళీగా ఉంటే రాయి పక్కకు జరిగినట్టు. అన్నిటికన్నా చేటు చేసేది చిన్న గిన్నెలో నీళ్ళు లేత నీలంగా కనిపించడం. అంటే పోసేటప్పుడో మోసేటప్పుడో సిరా నీళ్ళు చిందాయి. ఆవిరి రంగును మోసుకుపోదని చెప్పడానికే సిరా కలిపాం కనక, ఆ ఒక్క చిందుతో పాఠమే తలకిందులవుతుంది. సర్దిచెప్పడం కన్నా, చిందిందని పిల్లలకే చూపించి, మరునాడు మళ్ళీ పెట్టడం మేలు. చిన్న గిన్నె పెట్టకముందే నీళ్ళు పోసి, గిన్నెను మోయకుండా ఉంచిన చోటే కవరు బిగిస్తే ఈ తంటా రాదు. సిరా కలిసింది కనక ఎవరూ రుచి చూడకూడదన్న మాట మొదటే చెప్పాలి.

మబ్బు పట్టిన రోజున వేడినీళ్ళ పద్ధతి తప్పదు. అప్పుడు నీళ్ళు మరగకూడదు. చెయ్యి పెడితే చురుక్కుమనే వేడి చాలు, అదీ టీచరే పోయాలి. ఐసును కవరు మీద నేరుగా కాకుండా స్టీలు ప్లేటులో ఉంచి, ఆ ప్లేటునే గిన్నెకు మూతగా పెట్టాలి. ఇక్కడ పిల్లలు పట్టుకునే అనుమానం ఒకటి ఉంది: ఐసు కరిగి కిందికి కారింది మిస్. దీన్ని నవ్వి తోసేయకూడదు. న్యూజిలాండ్‌లో ఆస్బోర్న్, కాస్‌గ్రోవ్ 1983లో చేసిన పరిశీలనలో ఐసు వేసిన గాజు సీసా బయట తడి ఎలా వచ్చిందని అడిగితే, ఎనిమిదేళ్ళ వాళ్ళే కాదు, వాళ్ళకన్నా చాలా పెద్దవాళ్ళూ గాజులోంచి కారిందనో, చలి బయటికి వచ్చి నీళ్ళయిందనో అన్నారు. మాటతో తీరే అనుమానం కాదిది. ఐసు మీద కుంకుమ చల్లాలి. కరిగిన నీళ్ళు ఎర్రగా పైనే ఉంటాయి. కింద గిన్నెలో నీళ్ళు నీలంగా ఉంటాయి. నడుమ ప్లేటు అడుగున వేలాడే చుక్కలు మాత్రం ఏ రంగూ లేకుండా ఉంటాయి. పైనుంచీ రాలేదు, కింది రంగుతోనూ రాలేదు. మరి ఎలా వచ్చాయి? ఈ ప్రశ్న పిల్లల నోట వచ్చేదాకా ఆగగలిగితే, నల్లబల్ల మీద పొద్దున రాసుకున్న జవాబుల్లో ఏది నిలుస్తుందో వాళ్ళే తేలుస్తారు.

మబ్బు గురించి ఒక మాట. మబ్బు అంటే నీళ్ళు నింపిన సంచి అని, పగిలితే వాన పడుతుందని చాలామంది పిల్లలు అనుకుంటారు. చిక్కబళ్ళాపురం పిల్లలకు దీన్ని చెదరగొట్టే సాక్ష్యం కళ్ళెదుటే ఉంది. నంది కొండ 1,478 మీటర్ల ఎత్తు. వానాకాలం, చలికాలం ఉదయాల్లో కొండ తల మబ్బులో మునిగి ఉంటుంది. కింద నుంచి చూసినవాళ్ళకు అది మబ్బు. ఆ సమయంలో మెట్లెక్కిన వాళ్ళకు అది మంచు, జుట్టుకూ కనురెప్పలకూ అంటే సన్నని తడి. మబ్బులోకి నడిచి వెళ్ళి వచ్చినవాళ్ళు తరగతిలో ఒకరిద్దరు ఉండవచ్చు. వాళ్ళ చేత చెప్పిస్తే చాలు. మధ్యాహ్నం బిసియూట గిన్నె మూత తీసినప్పుడు లేచే తెల్లని పొగా అంతే, అది కూడా చిన్న చిన్న నీటి చుక్కలే. అసలు ఆవిరి కంటికి కనపడదు. పెద్దవాళ్ళే తరచు ఈ రెండిటినీ కలిపేస్తారు కనక టీచరు మాట జారకుండా చూసుకోవాలి.

గిన్నె పాఠం ఇంతటితో అయిపోయిందనుకోవచ్చా? ఇక్కడే ఒక ఇబ్బంది ఉంది. మూత బిగించిన గిన్నెలో పోసిన నీళ్ళు గిన్నెలోనే ఉంటాయి. పోయిన ప్రతి చుక్కా తిరిగి వస్తుంది. చూసిన పిల్ల, చెరువు ఎండితే ఏం, ఆ నీళ్ళే మళ్ళీ వానగా వస్తాయి కదా అనుకుంటే అది పిల్ల తప్పు కాదు, గిన్నె నేర్పినదే అది. ఊరికి మూత లేదు. బాగేపల్లి చెరువులోంచి లేచిన ఆవిరి ఎటు గాలి వీస్తే అటు పోతుంది, ఎక్కడ వానగా పడుతుందో చెప్పలేం. ఇక్కడ పడే వానలో ఎక్కువ భాగం ఎక్కడో సముద్రం మీద లేచి గాలితో వచ్చినదే. అందుకని రెండో రోజున మూత లేని పాఠం ఒకటి ఉండాలి.

దానికి కావలసింది ఒక ప్లేటు, ఒక గ్లాసు. రెండిటిలోనూ సరిగ్గా నూరు మిల్లీలీటర్ల నీళ్ళు పోసి వరండాలో పక్కపక్కన పెట్టాలి. జానెడు ప్లేటులో నీళ్ళు మూడు మిల్లీమీటర్ల మందాన పరుచుకుంటాయి. గ్లాసులో రెండున్నర సెంటీమీటర్ల ఎత్తు నిలుస్తాయి. ఏది ముందు ఎండుతుందో పిల్లలు పందెం వేసుకోవచ్చు. ఎండాకాలంలో ప్లేటు ఒక్క రోజులోనే ఎండుతుంది. గ్లాసుకు అయిదారు రోజులు పడుతుంది, గాలి సోకని లోతు కనక ఇంకా ఎక్కువే పట్టవచ్చు. ఇప్పుడు చెరువు దగ్గరికి రావాలి. ఈ ప్రాంతపు చెరువుల్లో పూడిక పేరుకుంది. అంతే నీళ్ళు పడినా లోతు తగ్గి పలచగా పరుచుకుంటాయి. ఇక్కడ ఆరుబయటి నీళ్ళ మీది నుంచి ఏడాదికి ఒకటిన్నర మీటరు పైనే ఆవిరైపోతుంది, పడే వాన అందులో సగం అటూ ఇటూ. తాతల కాలంలో గ్లాసుగా ఉన్న చెరువు ఇప్పుడు ప్లేటైందని పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది. పూడిక ఎందుకు తీయాలో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక నేల కింది సంగతి. మూడో రోజున రెండు చిన్న స్టీలు ప్లేట్లు చాలు. ఒకదానిలో నాలుగు చెంచాల బోరు నీళ్ళు, ఇంకొకదానిలో కొద్దిసేపు కురిసి కప్పు కడిగాక పట్టి దాచిన వాన నీళ్ళు అంతే కొలతకు పోసి ఎండలో ఆరనివ్వాలి. బోరు నీళ్ళ ప్లేటులో తెల్లని చారలు మిగులుతాయి. వాన నీళ్ళ ప్లేటులో దాదాపు ఏమీ ఉండదు. సిరాను కింద వదిలేసి ఆవిరి పైకి పోయినట్టే, నీళ్ళు తమలో కరిగినదాన్ని కింద వదిలేసి లేస్తాయి. అయితే బోరు నీళ్ళలోకి అది ఎలా చేరింది? ఈ జిల్లాలో వెయ్యి అడుగులు దాటిన బోర్లు కొత్త కాదు. ఆ లోతున నీళ్ళు ఇసుకలో నిలిచినట్టు నిలవవు, గ్రానైటు రాతి పగుళ్ళలో ఉంటాయి. ఏళ్ళ తరబడి రాతిని ఆనుకుని ఉన్న నీళ్ళు రాతిలోని లవణాలను కరిగించుకుంటాయి. వాటితో పాటు ఫ్లోరైడూ వస్తుంది. బాగేపల్లి, చింతామణి వైపు ఫ్లోరైడు నీళ్ళ బాధ పల్లెల్లో తెలియనిది కాదు. పళ్ళ మీద గోధుమరంగు మరకలు పిల్లల్లోనే కనిపిస్తాయి. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగకూడదని లెక్క. ఆ తెల్లని చారే ఫ్లోరైడని మాత్రం చెప్పకూడదు. చారలో ఎక్కువ భాగం సున్నం వంటి లవణాలే. ఫ్లోరైడు కంటికి కనపడదు, నాలుకకు తెలియదు, పరీక్ష చేయిస్తేనే బయటపడుతుంది.

ఇక్కడ ఒక పిల్ల తప్పకుండా అడుగుతుంది: కాచుకుని తాగితే పోతుందా మిస్? మొదటి రోజు గిన్నె జవాబు చెబుతుంది. కాస్తే పైకి పోయేది నీళ్ళు. కరిగినది కిందే ఉంటుంది, నీళ్ళు తగ్గిన కొద్దీ చిక్కనవుతుంది. క్రిములకు కాచడం మందు, ఫ్లోరైడుకు కాదు. ఇంటికి వెళ్ళి అమ్మకు చెప్పవలసిన మాట ఏదైనా ఈ పాఠంలో ఉంటే ఇదే.

ఇవన్నీ అయ్యాకనే బొమ్మ గీయించాలి, అదీ ఊరి బొమ్మ. నడుమ తమ చెరువు, దాని మరవ, మరవ నుంచి వాగు, వాగు నుంచి చిత్రావతో పాపాగ్నో. ఆ గీత కాగితం అంచు దాటి ఆంధ్రలోకి పోతుంది కనక ఇంకో కాగితం అతికించుకోవాలి. చెరువు కింద రాతి పగుళ్ళు, వాటిలోకి దిగిన బోరు. ఇంకిన బాణం చాలా సన్నగా, బోరులోంచి పైకి వచ్చే బాణం లావుగా. బొమ్మలో సూర్యుడు లాగే నీళ్ళూ ఉండాలి, మోటరు లాగే నీళ్ళూ ఉండాలి. చిక్కబళ్ళాపురం పిల్లలు ఇంకో బాణమూ వేయవచ్చు, అది దక్షిణం నుంచి వస్తుంది. హెబ్బాళ, నాగవార లోయల పథకం కింద బెంగళూరు వాడి వదిలిన నీళ్ళను శుద్ధి చేసి, గొట్టాల్లో ఎక్కించి ఈ జిల్లా చెరువుల్లో నింపుతున్నారు. నగరపు స్నానాల గది నుంచి పల్లె చెరువుకు వచ్చే బాణం ఏ చార్టులోనూ ఉండదు, ఇక్కడి నేలలో ఇంకుతున్న నీటిలో మాత్రం ఉంది.

పిల్లలకు ఎంత అందిందో తెలుసుకోవడానికి బాణాల పేర్లు అడగనక్కర్లేదు. వారం గడిచాక, చెప్పని సంగతులు మూడు అడిగితే చాలు. తీగ మీద తడి లంగా నీడలోనూ ఎందుకు ఆరుతుంది? ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా బయట తడి ఎక్కడిది? 2021 నవంబరులో జిల్లాలో ఎన్నో చెరువులు మరవ పోశాయి కదా, ఆ నీళ్ళన్నీ ఇప్పుడు యాడున్నాయి? మొదటి రెండిటికీ జవాబులో గాలి అన్న మాట వస్తే గిన్నె పని చేసినట్టు. మూడో దానికి ఒకే జవాబు చెప్పి ఊరుకున్న పిల్లను ఇంకొంచెం అడగాలి. కొన్ని గాలిలో కలిసి, కొన్ని పెన్న వెంట పోయి, కొన్ని పైరు తాగి, కొన్ని రాతి పగుళ్ళలో దిగి ఉన్నాయని, నాలుగు దారులూ విడివిడిగా చెప్పగలిగిన పిల్లను నాలుగో తరగతిలో వాననీటి కొలత పాత్ర దగ్గర కూర్చోబెట్టవచ్చు.